బట్టలు తూకానికి, చింతపండు మాదిరి

షాపు ముందు "ఉతుకు, ఇస్త్రీ కలిపి కిలో 90 రూపాయలు" అని బోర్డు కట్టించిన రోజు మా నాయన దాని కింద నిలబడి ఒకటికి రెండుసార్లు చదివినాడు. చదివి, "ఇదేందిరా, బట్టలు తూకానికి పెట్టినావు, చింతపండు మాదిరి?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ముప్పై ఏళ్లు బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన మనిషికి కొత్త వ్యాపారం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఏడాది తిరక్కుండానే ఆ బోర్డు దించేశాను. నాయన చెప్పింది నిజమని కాదు, ఆయన చెప్పిందీ సగమే నిజం. ఆ సగం ఎంత, మిగతా సగం ఏంటి అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా డబ్బు ఖర్చయింది కాబట్టి రాస్తున్నాను.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. యూనివర్సిటీ వైపు హాస్టళ్లు, రూములు తీసుకుని చదువుకునే పిల్లలు ఒక పక్క, పాత ఇళ్లలో ఉండే కుటుంబాలు ఒక పక్క. రెండు మెషీన్లు, మేడ మీద తీగలు, కింద ఒక ఇస్త్రీ బల్ల, దాని దగ్గర ఒక మనిషి. డ్రై క్లీనింగ్ మేము చేయం, తీసుకుని వేరే చోటికి పంపిస్తాం. ఇంతే షాపు.

కిలో రేటు ఎందుకు పెట్టానంటే, సుఖం. సంచీ కాటా మీద పెడితే అర నిమిషంలో బిల్లు. లెక్కబెట్టే పని లేదు, "నేను పద్నాలుగు ఇచ్చాను, నువ్వు పదమూడు రాశావు" అనే గొడవ లేదు. కాలేజీ పిల్లలకు కూడా అదే నచ్చింది. మొదటి నెల గల్లా చూసి, నాయనకు ఏమీ తెలీదని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

మూడో నెలలో ఒక విచిత్రం గమనించాను. కాటా మీద పడే కిలోలు దాదాపు అంతే ఉన్నాయి, కానీ సాయంత్రం ఏడు దాటినా ఇస్త్రీ బల్ల పక్కన గుట్ట తరగడం లేదు. ఇస్త్రీ చేసే అన్న చిత్తూరు నుంచి వచ్చినవాడు, పనిమంతుడు, మాట తక్కువ. ఒక రోజు పెట్టె పక్కన పెట్టి, "జీన్సు ప్యాంటు చూసి ఎన్నాళ్లయిందో చెప్పు నా" అన్నాడు. అప్పుడు వెళ్లి మూటలు విప్పి చూశాను.

జీన్సు లేవు. దుప్పట్లు లేవు. తువ్వాళ్లు లేవు. అన్నీ చొక్కాలు, కాటన్ కుర్తాలు, చున్నీలు, జాకెట్లు, పిల్లల గౌన్లు.

రెండు మూటలు పక్కపక్కన పెట్టి చెప్తాను, రెండూ ఐదేసి కిలోలే. మొదటి దాంట్లో డబుల్ కాట్ దుప్పట్లు రెండు, జీన్సు మూడు, పెద్ద తువ్వాళ్లు మూడు. మొత్తం ఎనిమిది. రెండో దాంట్లో చొక్కాలు పది, కాటన్ కుర్తాలు ఐదు, చున్నీలు నాలుగు, జాకెట్లు ఐదు, పిల్లల బట్టలు ఐదు. మొత్తం ఇరవై తొమ్మిది. నేను నమ్మకపోతే మీరూ నమ్మరని ఫోనులో టైమ్ పెట్టి చూశాను. మొదటి మూట ఇస్త్రీకి 19 నిమిషాలు పట్టింది. జీన్సు తొందరగా అయిపోతుంది, దుప్పటి మడత మీదే లాగించేయొచ్చు, తువ్వాలు మడిచి పెట్టడమే. రెండో మూటకి 93 నిమిషాలు. చొక్కా అంటే కాలరు, భుజం పట్టీ, రెండు కఫ్‌లు, గుండీల పట్టీ, ఆ తర్వాత కదా ముందూ వెనకా. బరువు చూస్తే పావు కిలో ఉండదు, పని నాలుగు నిమిషాలు.

బిల్లు మాత్రం రెండిటికీ 450 రూపాయలే.

ఇస్త్రీ అన్నకు రోజుకు 700 ఇస్తాను. భోజనం, టీ, పెట్టె వేడెక్కే వేళ తీసేస్తే నికరంగా బల్ల దగ్గర నిలబడేది ఏడు గంటలు, అంటే 420 నిమిషాలు. మొదటి మూట మీద ఆయన కూలి 32 రూపాయలు పడితే రెండో దాని మీద 155 పడుతుంది. అసలు దెబ్బ కూలి దగ్గర కూడా కాదు. మొదటి రకం మూటలు రోజుకు ఇరవై రెండు దాకా చేయొచ్చు, రెండో రకం నాలుగున్నర. మెషీన్లు ఖాళీగా ఉంటాయి, బల్ల దగ్గర క్యూ ఉంటుంది, నాకేమో రాత్రి నిద్రుండదు.

ఇక్కడ నాకు అర్థమైన సంగతి ఒకటుంది, లాండ్రీ పెట్టే ప్రతివాడికీ చెప్పాలనిపిస్తుంది. రేటు బోర్డు మనం బట్టలకు కట్టే వెల అనుకుంటాం. నిజానికి ఏ బట్టలు మన షాపుకు రావాలో, ఏవి ఇంట్లో ఆగిపోవాలో ఆ బోర్డే తేలుస్తుంది. కొర్లగుంట నుంచి వచ్చే టీచరక్క ఒకామె ఉంది. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది. కిలో రేటు పెట్టినాక ఆమె దుప్పట్లూ జీన్సూ ఇంట్లోనే వేసుకుని, చొక్కాలూ గౌన్లూ నాకు పంపడం మొదలుపెట్టింది. ఆమె మోసం చేసిందా? లేదే. కిలోకు 90 అని నేనే రాసిపెట్టాను, బరువున్నవి ఎందుకు మోసుకొస్తుంది? లెక్క వచ్చిన మనిషి ఎవరైనా అదే చేస్తారు. నాకే లెక్క రాలేదు.

సరే, నాయన మాట విందామని బట్టకింత అని పెట్టాను. చొక్కాకైనా కుర్తాకైనా ఉతుకు ఇస్త్రీ 25, జీన్సు 35, దుప్పటి 50, తువ్వాలు 20, జాకెట్టూ చున్నీ పిల్లల బట్టలూ 15. రెండు నెలలు నడిపాను. ఈసారి నాటకం తిరగబడింది. ఇందాకటి రెండో మూట ఈ లెక్కన 585 అవుతుంది, అంత ఇవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. మొదటి మూట 265 మాత్రమే. ఇక చూసుకోండి, చుట్టుపక్కల వీధుల్లో ఉన్న దుప్పట్లన్నీ నా షాపులోనే. మెషీన్లు రెండూ పొద్దున్నుంచి తిరుగుతూనే ఉన్నాయి, బల్ల దగ్గర అన్న ఫోను చూసుకుంటున్నాడు. హాస్టల్ పిల్లలైతే కనిపించడమే మానేశారు. వాళ్లకు ఇస్త్రీ అక్కర్లేదు, పదహారు టీషర్టులూ షార్టులూ కలిపి మూడు కిలోలు ఉతికి మడిచి ఇస్తే చాలు. దానికి ఒక్కోదానికి 20 చొప్పున 320 అంటే ఎందుకిస్తారు?

గొడవలు కూడా మళ్లీ మొదలు. చుడీదార్ సెట్టు అంటే ఒకటా మూడా? లంగా వేరేనా, చీరతో కలిపా? సాక్సులు జత ఒకటా, ఒక్కోటీ ఒకటా? ఒక పెద్దాయన పంచె, కండువా కలిపి ఒకటే లెక్క అని నాతో పావుగంట వాదించాడు, "రెండూ ఒకే నేతవి సామీ, ఒకే అంచు" అని. అంచు ఒకటే, నిజమే, ఇస్త్రీ రెండుసార్లు కదా. చివరికి ఆయన మాటే నెగ్గింది, వయసుకు మర్యాద అనుకోండి.

ఇప్పుడు నేను నడిపేది వేరే పద్ధతి, దాన్ని గట్టిగానే సమర్థిస్తాను. ఉతుకు కిలోకు. ఇస్త్రీ బట్టకు. రెండూ వేరే వేరే గీతల్లో బిల్లు మీద రాస్తాను. ఉతుకు, ఆరబెట్టడం, మడత కిలో 60. ఇస్త్రీ చొక్కాకైనా ప్యాంటుకైనా కుర్తాకైనా 10, దుప్పటికి 20, చిన్నవాటికి 6. తువ్వాలుకు ఏమీ లేదు. ఈ లెక్కన మొదటి మూట 370 అవుతుంది, రెండోది 534. ఇప్పుడు ఎవరు ఏ మూట తెచ్చినా నాకు భయం లేదు, పని ఎంతో డబ్బు అంతే వస్తుంది.

ఉతుకును తూకానికి ఎందుకు ఉంచానని నాయన అడుగుతూనే ఉంటాడు. చూడండి, మెషీన్ మీద 8 కిలోలు అని రాసి ఉంటుంది కదా, అది పొడి బట్టల బరువు. డ్రమ్ములో చోటు, నీళ్లు, సబ్బు పొడి, కరెంటు, ఇవన్నీ దాదాపు బరువును బట్టే పోతాయి. మా బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, సబ్బు నురగ రావడానికే మామూలు కంటే ఎక్కువ పొడి పడుతుంది, అదీ కిలోల లెక్కే. ఆరబెట్టడం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఐదు కిలోల కాటన్ మూట మెషీన్లో బాగా తిరిగి బయటికి వచ్చినా ఏడున్నర కిలోల దాకా తూగుతుంది. ఆ రెండున్నర కిలోల నీళ్లు ఎండకో గాలికో పోవాలి. మే నెలలో తిరుపతి ఎండకు మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. అక్టోబరు చివర్నుంచి డిసెంబరు దాకా వాన పట్టుకుంటుంది చూడండి, అప్పుడు జీన్సు నడుం పట్టీ రెండు రోజులైనా తడిగానే ఉంటుంది, మేడ మీద రేకుల కింద ఫ్యాన్లు పెట్టి తిప్పాల్సి వస్తుంది. చొక్కా రాత్రికి ఆరిపోతుంది. బరువున్న బట్ట బరువుకు తగ్గ డబ్బు కట్టాలి అనడంలో న్యాయం ఉందని ఆ నెలల్లో తెలుస్తుంది.

అయితే తూకంలోనూ చిక్కులున్నాయి. ఒక ఇంటి బట్టలు ఇంకో ఇంటి బట్టలతో కలిపి ఉతకను. కలిపితే ప్రతి బట్టకూ గుర్తు వేయాలి, రంగు దిగితే ఎవరి బట్ట ఎవరిది పాడు చేసిందో తేలదు. కాబట్టి ఒక మూట, ఒక డ్రమ్ము. రెండు కిలోలు తెచ్చినా మెషీన్ ముప్పావు గంట తిరగాల్సిందే. అందుకే తక్కువలో తక్కువ మూడు కిలోల డబ్బు అని పెట్టాను. తెల్లవి వేరే వేయమంటే అది ఇంకో డ్రమ్ము, దానికీ మూడు కిలోలే. ఇది చెప్పినప్పుడు చాలామంది మొహం ముడుచుకుంటారు, తెల్లవి నాలుగు పోగైనాకే తెస్తారు. మంచిదే. ఈ రూలు నేను పెట్టకముందు ఒక పిల్లవాడి యూనిఫాం చొక్కాలు ఎర్ర చున్నీతో కలిసి గులాబీ రంగుకు తిరిగాయి. తప్పు పూర్తిగా నాదే, రెండు చొక్కాలు కొనిచ్చాను.

ఇంకోటి, తడి బట్టలు. స్నానం చేసి అలాగే సంచీలో కుక్కిన తువ్వాలు, వానలో తడిసిన ప్యాంటు కాటా మీద పెడితే నీళ్లకు కూడా డబ్బు పడుతుంది. అది తీసుకోకూడదు. తడివి చేత్తో తీసి పక్కన పెట్టి, "వీటికి అందాజుగా ఇంత" అని చెప్పి తగ్గించి రాస్తాను. కాటా ఎప్పుడూ కస్టమరు వైపు తిప్పి ఉంటుంది, దాని మీద తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉంటుంది, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి వేయించాలి. కొన్ని షాపుల్లో కొక్కేనికి తగిలించే చిన్న కాటా చూస్తుంటాను, ఇంట్లో సూట్‌కేసు తూచుకునేది. దాన్ని నమ్మి డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ తప్పే.

ఇక డ్రై క్లీనింగ్. దీనికి కిలోలూ పనికిరావు, బట్టల సంఖ్యా పనికిరాదు. ఇక్కడ బట్ట రకాన్ని బట్టే రేటు ఉండాలి, దీని మీద నాకు అనుమానం లేదు. ఎందుకో చెప్పాలంటే నేను పాడుచేసిన ఒక చీర గురించి చెప్పాలి.

పెళ్లికి కట్టుకున్న కంచి పట్టు చీర, ఒకామె తెచ్చింది. కుచ్చిళ్ల దగ్గర నెయ్యి మరక కనిపిస్తోంది. చీర అంటే ఇంత అని బోర్డు మీద ఒకటే రేటు ఉండేది అప్పట్లో. చీటీ రాసి పంపేశాను. డ్రై క్లీనింగ్ అంటే నీళ్లు లేకుండా పెట్రోలు లాంటి ద్రావకంలో ఉతకడం, నూనె, నెయ్యి, జిడ్డు అందులో చక్కగా కరిగిపోతాయి. నెయ్యి మరక పోయింది. చీర తిరిగొచ్చింది, చూసుకుని ఆమె సంతోషంగా తీసుకెళ్లింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. పమిట మీద అరచేతి వెడల్పున గోధుమ రంగు మచ్చ. ఇచ్చిన రోజు అది లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఆమె కూడా లేదనే అంది.

అది కూల్‌డ్రింకో, పాయసమో. చక్కెర ఉన్న మరక ఆరితే కంటికి కనిపించదు. ద్రావకంలో చక్కెర కరగదు, దానికి నీళ్లే కావాలి. అలాగే ఉండిపోయిన చక్కెర ఇస్త్రీ వేడికి, ఆ తర్వాత బీరువాలో పెట్టిన రోజులకు మెల్లగా మాడినట్టు రంగు తిరుగుతుంది. ముందే తెలిసి ఉంటే ఆ ఒక్క చోటును పని తెలిసినవాళ్లు కొద్దిగా నీళ్లతో తీసి, ఆ తర్వాత ద్రావకంలో వేసేవాళ్లు. పట్టు మీద నీళ్లు పెట్టడం కూడా భయమే, రంగు దిగొచ్చు, నీటి మరక నిలవొచ్చు. అందుకే అది చేయి తిరిగిన పని, టైమ్ పట్టే పని. నేను ఆమెను అడగలేదు, చీర పూర్తిగా విప్పి చూడలేదు. ఒకటే రేటు ఉన్నప్పుడు విప్పి చూడాల్సిన అవసరం ఎవరికి కనిపిస్తుంది? ఆమెకు డబ్బు కట్టిచ్చాను, అది ఎంతో ఇక్కడ రాయను, గుర్తు చేసుకోవడం ఇష్టం లేదు.

అంటే డ్రై క్లీనింగ్ రేటులో ఉతికిన ఖర్చు ఉండేది కొంచెమే. మిగతాది, ఆ బట్టను చూడడానికి పట్టే సమయం, చెడితే కట్టాల్సిన డబ్బు. అర కిలో పట్టు చీర, అర కిలో సింథటిక్ చీర కాటాకు ఒకటే. సింథటిక్ చీర చెడితే కొత్తది కొనిస్తాను, కంచి చీర చెడితే రెండు నెలలు అప్పులపాలవుతాను. అద్దాలూ రాళ్లూ జిగురుతో అంటించిన పని ఉంటే ఇంకో కథ, కొన్ని ద్రావకాలకు ఆ జిగురు వదిలిపోతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ గుండీలూ చమ్కీలూ మెత్తబడతాయి. అలాంటిది ఎటు పంపాలో, అసలు తీసుకోవాలో వద్దో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు చీరకు మూడు రేట్లున్నాయి నా దగ్గర, సాదా, జరీ, పని ఉన్నది. చీటీ రాయకముందు ట్యూబ్‌లైటు కింద బల్ల మీద చీర పూర్తిగా పరుస్తాను. కొంగు, పమిట, కుచ్చిళ్లు, ఫాల్ కుట్టిన అంచు, ఈ నాలుగు చోట్లా చూసి, "అక్కా, దీని మీద ఏమన్నా తియ్యటిది పడిందా? పసుపు పడిందా?" అని అడుగుతాను. పసుపు సంగతి వేరే, ఇంట్లో ఎవరైనా ముందే సబ్బు రుద్దితే ఎర్రగా తిరుగుతుంది, భయపడి ఇంకా రుద్దుతారు. కనిపించిన మరకలన్నీ చీటీ మీద రాసి వాళ్లకు చూపిస్తాను. ఐదు నిమిషాలు పడుతుంది. వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటారు.

రకాన్ని బట్టి రేటు అన్నది దోపిడీకి కూడా బాగా పనికొస్తుంది, ఆ మాట దాచను. ఊళ్లో ఒక షాపులో మామూలు కాటన్ కుర్తాకు మెడ దగ్గర నాలుగు పూసలుంటే "డిజైనర్" అని రాసి రెట్టింపు తీసుకున్నారు మా మేనకోడలి దగ్గర. ఏ రకానికి ఎందుకు ఎక్కువో షాపువాడు వేలు పెట్టి చూపించగలగాలి, ఇదిగో ఈ జరీ, ఇదిగో ఈ జిగురు అని. చూపించలేకపోతే తక్కువ రేటే రాయాలి. చీటీ వెనక "బట్ట చెడితే మా బాధ్యత లేదు" అని అచ్చు వేసి, ముందు వైపు పట్టు చీరకు ఎక్కువ రేటు రాయడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. బాధ్యత లేనప్పుడు ఆ ఎక్కువ డబ్బు దేనికి మరి?

టీచరక్క ఇప్పటికీ వస్తుంది. చొక్కాలు ఇంట్లో ఉతికి, ఇస్త్రీకి మాత్రం ఇస్తుంది. దుప్పట్లు వానాకాలంలో పంపుతుంది, ఇంట్లో ఆరబెట్టే చోటు లేక. రెండిటి మీదా నాకు మిగులుతుంది, ఆమెకూ కలిసొస్తుంది.

తేలనిది ఒక్కటే, గంజి పంచె. ఉతికి, గంజిలో ముంచి, నీడలో సగం ఆరనిచ్చి, తడి ఉండగానే పెట్టె వేయాలి. పూర్తిగా ఆరిపోతే మళ్లీ నీళ్లు చల్లాలి, గంజి ఎక్కువైతే పెట్టెకు అంటుకుంటుంది, మాడితే పంచె మీద పసుపు గీత. తూకంలో మూడు వందల గ్రాములు. కిలో లెక్కన చూస్తే నవ్వొస్తుంది, ఇస్త్రీ 10 అంటే అన్న పెట్టె కింద పెట్టేస్తాడు. నేను 40 అంటున్నాను. నాయన 30 చాలంటాడు, దేవుడి పనికి కట్టుకునే బట్టకు అంతకన్నా అడక్కూడదట. ప్రస్తుతానికి 35 రాస్తున్నాం, ఇద్దరికీ నచ్చలేదు.